మోడ్‌బస్ టైమౌట్: గడువు పెంచే ముందు చివరి బైటు చూడండి

సమస్య: చిన్న కంట్రోలర్ నుంచి ఆర్‌ఎస్-485 లైన్ మీద ఎనర్జీ మీటర్‌ను రీడింగ్ అడుగుతున్నారు. ప్రతిసారీ టైమౌట్.

ఇలా అయినప్పుడు చాలామంది చేసే మొదటి పని గడువును 200 మిల్లీసెకన్ల నుంచి 1000కి, తర్వాత 3000కి పెంచడం. దయచేసి వద్దు. సీఆర్‌సీ తప్పిన ఫ్రేమ్ అందితే మోడ్‌బస్ స్లేవ్ ఎర్రర్ కూడా పంపదు, మౌనంగా వదిలేస్తుంది. అడిగిన ఫ్రేమే చెడిపోయి ఉంటే గంటసేపు ఆగినా జవాబు రాదు.

ముందు ఇది చూడండి: కంట్రోలర్‌ను లైన్ నుంచి తీసేసి, ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ-485 కన్వర్టర్ పెట్టి మీటర్‌ను నేరుగా అడగండి. రెండు నిమిషాల పని. దీన్ని వదిలేసి రోజంతా కోడ్ వెతికినవాళ్లను ఎంతమందినో చూశాను. జవాబు రాకపోతే A, B వైర్లు మార్చి చూడండి. ఆ అక్షరాలను అన్ని కంపెనీలూ ఒకే అర్థంలో వాడవు. స్లేవ్ నంబరు, బాడ్ రేటు, పారిటీ సరిచూడండి.

జవాబు వస్తే మీటరు, కేబులు బాగున్నట్టే. ఇప్పుడు కంట్రోలర్‌ను మళ్లీ కలిపి, కన్వర్టర్‌ను అదే లైన్ మీద వినడానికి మాత్రమే ఉంచండి. సీరియల్ టెర్మినల్‌ను హెక్స్‌లో పెట్టి చూస్తే ఇలా కనబడాలి:

```
01 03 00 00 00 02 C4 0B
```

01 స్లేవ్ నంబరు, 03 హోల్డింగ్ రిజిస్టర్లు చదవమనే ఆజ్ఞ, 00 00 మొదటి రిజిస్టరు, 00 02 ఎన్ని కావాలో, చివరి రెండూ సీఆర్‌సీ. ఈ ఎనిమిదింటినీ వేలు పెట్టి లెక్కపెట్టండి. ఆరో ఏడో వచ్చి ఆగినా, చివర 0B బదులు ఇంకేదో ఉన్నా దొంగ దొరికినట్టే.

కారణం: లైన్ మీదికి పంపడాన్ని ఆన్ చేసే ట్రాన్సీవర్ `DE` పిన్‌ను కోడ్ తొందరపడి దించేస్తోంది.

ఎస్‌టీఎం32ఎఫ్103నే తీసుకుందాం. దాని `TXE` ఫ్లాగ్ పేరు చూసి "పంపడం అయిపోయింది" అనుకుంటాం. దాని అర్థం అది కాదు. డేటా రిజిస్టరు ఖాళీ అయింది, ఇంకో బైటు ఇవ్వొచ్చు అని మాత్రమే. ముందిచ్చిన బైటు షిఫ్ట్ రిజిస్టరులోకి వెళ్లి, అప్పుడే బిట్ బిట్‌గా లైన్ మీదికి బయల్దేరుతోంది. 9600 వేగంలో, 8N1లో ఒక్కో బైటుకు దాదాపు 1.04 మిల్లీసెకన్లు పడుతుంది. బైట్లు పంపే లూప్ అవ్వగానే `DE` దించితే C4 అప్పుడే మొదలై ఉంటుంది, 0B ఇంకా క్యూలోనే ఉంటుంది. సీఆర్‌సీ రెండు బైట్లూ పోతాయి. లూప్ తర్వాత మరోసారి `TXE` కోసం ఆగితే 0B ఒక్కటే పోతుంది.

పరిష్కారం: చివర `TC` కోసం ఆగాలి. స్టాప్ బిట్ కూడా బయటికి వెళ్లాకే ఆ ఫ్లాగ్ లేస్తుంది.

```c
DE_HIGH();
for (i = 0; i < 8; i++) {
    while (!(USART1->SR & USART_SR_TXE));
    USART1->DR = frame[i];
}
while (!(USART1->SR & USART_SR_TC));
DE_LOW();
```

ఆర్డ్యునోలో అయితే `Serial.write()` తర్వాత, `DE` దించే ముందు `Serial.flush()` పిలవాలి.

`TC` బదులు డిలే పెట్టి సరిపెట్టేవాళ్లున్నారు. నన్ను బాగా దెబ్బతీసింది అదే. ఒక కోల్డ్ స్టోరేజీ ప్యానెల్‌లో పాత కోడ్ పంపిన తర్వాత 20 మిల్లీసెకన్లు ఆగి `DE` దించేది. అక్కడున్న మీటరు 50 మిల్లీసెకన్లకు గానీ పలికేది కాదు కాబట్టి అంతా బాగానే నడిచింది. ఆ మీటరు మార్చాక టైమౌట్లు మొదలయ్యాయి. కొత్తది 5 మిల్లీసెకన్లలోనే జవాబు మొదలుపెడుతోంది. మన డ్రైవరు ఇంకా లైన్ పట్టుకునే ఉంది. మామూలుగా ఇలాంటి జవాబు 9 బైట్లు, దాదాపు 9.4 మిల్లీసెకన్లు. అంటే మనం లైన్ వదిలేసరికి జవాబు మొత్తం వెళ్లిపోయింది. అందరూ కొత్త మీటరునే తప్పుపట్టారు. రెండు రోజులు పోయాక ఆ డిలే కనబడింది.

డిలే తక్కువైనా మోసమే. 0B మధ్యలో, స్టార్ట్ బిట్, నాలుగు బిట్లు వెళ్లాక `DE` పడిపోయిందనుకోండి. బయాస్ ఉన్న లైన్ 1 వైపు నిలుస్తుంది, అవతల FB అని చదువుకుంటారు. ఎనిమిది బైట్లూ వచ్చినట్టే ఉంటుంది, సీఆర్‌సీ మాత్రం తప్పు.

ఇది సరిచేశాక జవాబు ముందు దొంగ 00 బైటు ఒకటి కనిపిస్తే, `RE`, `DE` కలిపి కట్టారేమో చూడండి. పంపేటప్పుడు మ్యాక్స్485 `RO` పిన్ గాల్లో తేలుతుంది. కంట్రోలర్ రిసీవ్ పిన్‌కు 10 కిలోఓమ్‌ల పుల్‌అప్ పెడితే పోతుంది.

చిప్ కాలిపోవడం, 120 ఓమ్‌ల టెర్మినేషన్ లేకపోవడం టేబుల్ మీద రెండు మీటర్ల వైరుతో పరీక్షించేటప్పుడు అరుదు. వాటి జోలికి చివర్లో వెళ్లండి.