ఇంటర్వ్యూ ఉత్తరాలు, 4వ పాఠం: లింకు చూశానని, లైను తెగితే ఏ నంబరుకు చేయాలని రాయడం

పోయిన పాఠంలో ఇంటర్వ్యూ పిలుపుకి "వస్తాను" అని జవాబు రాశాం. తేదీ, వారం, సమయం మూడూ తిరిగి రాయాలని చెప్పుకున్నాం. ఈసారి అదే జవాబులో రెండో పేరా. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే లింకు సంగతి, ఇంటర్నెట్ పోతే ఏం చేయాలన్న సంగతి ఇక్కడ వస్తాయి. ఇందులో చూసినదే రాయాలి కాబట్టి, రాయకముందు ఒక పావుగంట పని ఉంది.

భీమవరంలో ఒక అమ్మాయికి హైదరాబాద్‌లోని పాఠ్యపుస్తకాల సంస్థ నుంచి ప్రూఫ్ రీడర్ ఉద్యోగానికి పిలుపు వచ్చిందనుకుందాం. 12వ తేదీ శుక్రవారం ఉదయం 11 గంటలకు గూగుల్ మీట్‌లో ఇంటర్వ్యూ. ఇంట్లో వైఫై ఉంది. లాప్‌టాప్ అన్నయ్యది.

ఆమె లింకును మెయిల్ వచ్చిన రోజే నొక్కి చూడాలి. లింకు సరైనదైతే తన కెమెరా బొమ్మ, దాని పక్కన చేరడానికి బటన్ కనిపిస్తాయి. బటన్ నొక్కకుండా అక్కడే ఆగి కెమెరా, మైకు చూసుకుని మూసేయొచ్చు. లింకులో తప్పుంటే మీటింగ్ కోడ్ సరిచూసుకోమని వస్తుంది. మీట్ కోడ్‌లో మూడు, నాలుగు, మూడు చొప్పున పది అక్షరాలు ఉంటాయి. కాపీ చేసేటప్పుడు చివరి అక్షరం రాలిపోయిందేమో లెక్కపెట్టి చూడాలి. మెయిల్లోనే తప్పుంటే, సరైన లింకు పంపమని ఈ జవాబులోనే అడగాలి.

అదే తెరమీద ఎవరి అకౌంట్‌తో లోపలికి వెళ్తున్నామో కూడా కనిపిస్తుంది. చాలామంది వదిలేసేది దీన్నే. అన్నయ్య అకౌంట్ తెరిచి ఉంటే అవతలివాళ్లకి అన్నయ్య పేరే కనిపిస్తుంది. ఎవరో తెలియని మనిషి తలుపు తడుతున్నాడనుకుని లోపలికి రానివ్వకపోవచ్చు. ఆమె తన అకౌంట్‌కి మారి, ఏ పేరు కనిపిస్తుందో జవాబులో రాయాలి.

ఇక ఫోన్ నంబరు. దీనిమీద కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒకసారి నా ఇంటర్వ్యూ మధ్యలో కరెంటు పోయి వైఫై ఆగిపోయింది. వెంటనే ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకుని మళ్లీ చేరాను. ఆ లోపు నేను కనిపించడం లేదని వాళ్లు నేనిచ్చిన నంబరుకు ఫోన్ చేశారు. ఆ నంబరు అదే ఫోన్‌లోని రెండో సిమ్‌ది. కాల్ ఎత్తగానే మొదటి సిమ్ డేటా ఆగిపోయింది, లాప్‌టాప్‌లో బొమ్మ మళ్లీ పోయింది. రెండు సిమ్‌లున్న చాలా ఫోన్లలో ఒక సిమ్‌లో మాట్లాడుతుంటే రెండో సిమ్ ఇంటర్నెట్ నిలిచిపోతుంది. అప్పటిదాకా ఆ సంగతి నాకు తెలియదు.

అందుకే హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ ఒకటి, కాల్ అందుకునే ఫోన్ ఇంకొకటి ఉండాలి. ఇంట్లోవాళ్ల ఫోన్ ఆ గంటసేపు తీసుకుంటే చాలు. తెలియని నంబర్లను మోగనివ్వని సెట్టింగ్ ఆ ఫోన్‌లో ఉంటే తీసేయాలి. ఆఫీసు నంబరు ఫోన్‌లో సేవ్ అయి ఉండదు కదా.

ఇప్పుడు ఆ అమ్మాయి రాసే పేరా ఇలా ఉంటుంది:

> మీరు పంపిన మీట్ లింకు ఈ రోజు తెరిచి చూశాను, పనిచేస్తోంది. కెమెరా, మైకు కూడా చూసుకున్నాను. మీటింగులో నా పేరు తెలుగులో కనిపిస్తుంది. మధ్యలో కనెక్షన్ తెగితే ఫోన్ ఇంటర్నెట్‌తో అదే లింకులో మళ్లీ చేరతాను. ఐదు నిమిషాల్లో నేను కనిపించకపోతే దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి: (నంబరు). ఇది మా అమ్మగారిది, ఆ సమయంలో నా దగ్గరే ఉంటుంది. అవసరమైతే నేను ఫోన్ చేయడానికి మీ నంబరు ఒకటి తెలియజేయగలరు.

"చూశాను" అన్న చోట "పనిచేస్తుందనుకుంటున్నాను" అని రాస్తే ఆ వాక్యం ఉండీ ప్రయోజనం లేదు. "ఐదు నిమిషాలు" అన్న మాట తీసేయకండి. అది లేకపోతే వాళ్లు వెంటనే ఫోన్ చేస్తారు, లేదా ఎంతసేపు ఆగాలో తెలియక మీటింగ్ ముగించేస్తారు. నంబరు ఎవరిదో చెప్పడం వల్ల అమ్మ ఫోన్ ఎత్తినా వాళ్లు తికమకపడరు. మా ఊళ్లో కరెంటు పోతుంటుందని, సిగ్నల్ అంతంతమాత్రమని ముందే రాయక్కర్లేదు. పోతే ఏం చేస్తారో రాశారు, అది చాలు. జవాబు ఇంగ్లీషులో పంపాల్సి వస్తే ఇవే వాక్యాలు ఇదే వరసలో పెట్టండి.

అభ్యాసం: మీ ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, లాప్‌టాప్‌లో ఒక వీడియో నడుస్తుండగా ఆ ఫోన్‌లోని రెండో సిమ్‌కి ఎవరిచేతనైనా ఫోన్ చేయించి ఒక నిమిషం మాట్లాడండి. వీడియో ఆగిందో లేదో చూసి, జవాబులో ఏ నంబరు ఇవ్వాలో అప్పుడు తేల్చుకోండి. వచ్చే పాఠంలో ఇంటర్వ్యూ సమయం మార్చమని అడిగే ఉత్తరం రాద్దాం.