ఒకే లీజు పత్రానికి మూడు నోటీసు గడువులు: లోపం ఎక్కడుంది, ఎలా సరిదిద్దాలి

సమస్య: మనిషి మారితే సారాంశం మారుతోంది

ఆఫీసు స్థలాల లీజు పత్రాలను ఏఐకి ఇచ్చి, క్లాజుల సారాంశాలను పట్టికలోకి ఎక్కించే పనిని ముగ్గురు ఉద్యోగులు చూస్తున్నారనుకుందాం. ఒకే పత్రానికి ‘నోటీసు గడువు’ గడిలో ఒకరికి 24 నెలలు, ఇంకొకరికి 3 నెలలు, మూడో వ్యక్తికి 30 రోజులు వచ్చింది.

పత్రం తెరిచి చూస్తే మూడూ అందులో ఉన్నాయి. మొదటి 24 నెలలు లాక్-ఇన్ కాలం, అంటే అప్పటిదాకా ఎవరూ లీజు రద్దు చేయకూడదు. ఆ తర్వాత అద్దెదారు 3 నెలల ముందు రాతపూర్వకంగా తెలిపి ఖాళీ చేయవచ్చు. అద్దె బకాయి పడితే యజమాని నోటీసు ఇస్తాడు, 30 రోజుల్లో కట్టకపోతే లీజు రద్దవుతుంది.

కారణం

చాలామంది ఇక్కడ ఏఐని తప్పుపడతారు. నా దృష్టిలో తప్పు ప్రశ్నది. ‘నోటీసు గడువు రాయండి’ అన్న సూచనలో ఎవరి నోటీసో, ఏ సందర్భంలోదో లేదు. అందుకే ఒక్కొక్కరు తమకు తోచిన మాట చేర్చి అడిగారు, ఎవరు అడిగినదానికి తగ్గ జవాబు వారికి వచ్చింది.

పరిష్కారం

ఫీల్డు పేరు ఒక్కటే సరిపోదు. అందులోకి ఏది వస్తుందో రాసినంత స్పష్టంగా, ఏది రాకూడదో కూడా రాయాలి. తికమకపెట్టేవి ఎప్పుడూ పక్కపక్కనే ఉండే విషయాలు కాబట్టి ‘చేర్చకూడనివి’ అనే వరుసే అన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది.

```
ఫీల్డు: అద్దెదారు నోటీసు గడువు
నిర్వచనం: ఎవరి తప్పూ లేకుండా, అద్దెదారు తన
  ఇష్టంతో లీజు ముగించడానికి ఇవ్వాల్సిన
  ముందస్తు నోటీసు కాలం.
చేర్చకూడనివి: లాక్-ఇన్ కాలం; యజమాని ఇచ్చే
  నోటీసు; బకాయి తీర్చే గడువు.
రాసే తీరు: పత్రంలో ఉన్న అంకె, ప్రమాణం
  మార్చకుండా.
ఆధారం: క్లాజు సంఖ్య, ఆ వాక్యం యథాతథంగా.
లేకపోతే: "పేర్కొనలేదు"
```

‘ప్రమాణం మార్చకుండా’ అన్నది చాదస్తం కాదు. జూలై 1న ఇచ్చిన నోటీసుకు 3 నెలలు అక్టోబరు 1కి నిండుతాయి. దాన్ని ఎవరైనా 90 రోజులుగా మార్చి రాస్తే సెప్టెంబరు 29 అవుతుంది. ఖాళీ చేసే తేదీ దగ్గర రెండు రోజుల తేడా గొడవకు చాలు.

సమస్య: పత్రంలో లేని గడువు పట్టికలో కనిపిస్తోంది

దీనికి రెండు కారణాలు చూశాను. మొదటిది, సూచనలో ఒకే ఉదాహరణ ఉండటం. అందులోని ‘60 రోజులు’ ఏ గడువూ లేని పత్రం సారాంశంలోకి కూడా పాకుతుంది. రెండోది, చట్టం తెలిసిన ఉద్యోగి మంచి ఉద్దేశంతో ఖాళీని నింపడం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం, ఒప్పందం వేరుగా చెప్పనప్పుడు నెలవారీ లీజుకు 15 రోజుల నోటీసు చాలు. కానీ అయిదేళ్లకని కాలం నిర్ణయించి రాసుకున్న లీజుకు ఆ 15 రోజులు తెచ్చి పెడితే, అద్దెదారుకు లేని హక్కును మనమే సృష్టించినట్టు. పట్టికలో పత్రం చెప్పిందే ఉండాలి. చట్టం ఏమంటుందో న్యాయవాది వేరే గడిలో రాయాలి.

పరిష్కారంగా కనీసం రెండు ఉదాహరణలు పెట్టండి. ఒకటి చిక్కుగా ఉన్న క్లాజు, ఇంకొకటి జవాబు లేని క్లాజు.

```
ఉదాహరణ 1
పాఠం: 9.1 తొలి 18 నెలలు రద్దు లేదు. తర్వాత
  అద్దెదారు 60 రోజుల నోటీసుతో ముగించవచ్చు.
జవాబు: 60 రోజులు
ఆధారం: 9.1, "తర్వాత అద్దెదారు 60 రోజుల
  నోటీసుతో ముగించవచ్చు."

ఉదాహరణ 2
పాఠం: 5.3 అద్దె బకాయి పడితే యజమాని 15 రోజుల
  నోటీసుతో లీజు రద్దు చేయవచ్చు.
జవాబు: పేర్కొనలేదు
ఆధారం: లేదు
```

రెండో ఉదాహరణలో కావాలనే ఒక అంకె ఉంచాను. అంకె కనిపించినంత మాత్రాన అది జవాబు కాదని అదే నేర్పుతుంది. ఇక ఆధార వాక్యాన్ని పత్రంలో వెతికి చూడండి. అక్షరాలా దొరకకపోతే ఆ జవాబును పట్టికలోకి రానివ్వకండి.

సమస్య: సూచన బాగున్నా కొన్నాళ్లకు మళ్లీ తేడాలు

ఎవరి కంప్యూటర్లో వారి నకలు ఉండి, తలా ఒక మాట మార్చుకోవడం వల్ల ఇది జరుగుతుంది. సూచన ఒకే చోట, వెర్షన్ సంఖ్యతో ఉండాలి. దాని చివర ఉద్యోగి లీజు పాఠం మాత్రమే అతికించాలి. పట్టికలో ప్రతి వరుస పక్కన ఆ వెర్షన్ సంఖ్య కూడా రాయించండి.

మార్పు చేసిన ప్రతిసారీ పది పాత పత్రాలను ఇద్దరి చేత విడివిడిగా చేయించి పోల్చండి. తేడా వచ్చిన చోట జవాబును దిద్ది వదిలేయకండి, నిర్వచనాన్ని దిద్దండి. ఇలా పోల్చినప్పుడు ఎక్కువగా బయటపడేది సవరణ పత్రాల చిక్కు. అసలు లీజులో 3 నెలలు, తర్వాతి సవరణలో 6 నెలలు ఉంటాయి. ఒకరు రెండూ అతికిస్తే, ఇంకొకరు అసలు పత్రమే అతికిస్తారు. దీన్ని నిర్వచనంతో సరిచేయలేం. అన్ని సవరణలనూ తేదీల వరుసలో అతికించాలనీ, ఒకే క్లాజుపై చివరి తేదీ పాఠాన్నే తీసుకోవాలనీ సూచన మొదటి వరుసల్లోనే రాయాలి.