ఒక కీ నొక్కితే రెండు అక్షరాలు పడుతుంటే: వారంటీ కింద కీబోర్డు మార్పిడి కోరుతూ దరఖాస్తు చేసే విధానం

కీబోర్డుపై ఒక కీని ఒక్కసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడటం మెకానికల్ కీబోర్డుల్లో తరచూ కనిపించే లోపం. ఇది వారంటీ పరిధిలోకి రావలసిన లోపమే అయినా, దీనిపై ఇచ్చే ఫిర్యాదులు చాలా సులభంగా తిరస్కరణకు గురవుతాయి. లోపం ఎప్పుడూ ఉండదు, వచ్చి పోతూ ఉంటుంది కాబట్టి, సర్వీస్ సెంటర్‌లో నాలుగుసార్లు నొక్కి చూసి ‘బాగానే పనిచేస్తోంది’ అని తిప్పి పంపేస్తారు. అందుకే ఫిర్యాదు రాయడానికి ముందే లోపాన్ని అంకెలతో సహా నమోదు చేసుకోవాలి. దరఖాస్తు బలమంతా ఆ నమోదులోనే ఉంటుంది.

ముందుగా లోపం ఎక్కడుందో తెలుసుకోవాలి. కీ కింద ఉండే స్విచ్‌లో రెండు లోహపు రేకులు తాకినప్పుడు కంప్యూటర్‌కు సంకేతం వెళుతుంది. అవి తాకిన క్షణంలోనూ విడిపోయే క్షణంలోనూ కొన్ని మిల్లీసెకన్లపాటు అదురుతాయి. ఈ అదురు ప్రతి స్విచ్‌లోనూ ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా కీబోర్డులోని ఫర్మ్‌వేర్ కొద్దిసేపు, సాధారణంగా 5 మిల్లీసెకన్ల వరకు, ఆగి చూస్తుంది. రేకులపై తుప్పు పొర ఏర్పడినా, దుమ్ము చేరినా, రేకు పట్టు సడలినా అదురు ఆ గడువును దాటిపోతుంది. అప్పుడు ఒక నొక్కు రెండు నొక్కులుగా నమోదవుతుంది.

దీన్నే పోలిన మరో సంగతి ఉంది. కీని నొక్కి పట్టుకుంటే అక్షరం వరుసగా పడటం కంప్యూటర్‌లోని సాధారణ ఏర్పాటు. విండోస్‌లో అది మొదలు కావడానికి అతి తక్కువగా పెట్టుకున్నా పావు సెకను, అంటే 250 మిల్లీసెకన్లు పడుతుంది. వైర్‌లెస్ కీబోర్డుల్లో కీ వదిలిన సమాచారం రిసీవర్‌కు సకాలంలో అందకపోయినా అక్షరాలు ఇలాగే వరుసగా పడవచ్చు. ఈ రెండూ స్విచ్ లోపాలు కావు. మీ కీబోర్డులో జరుగుతున్నది వీటిలో ఒకటి కాదు కదా అన్నదే విక్రేత మొదట అడిగే ప్రశ్న కాబట్టి, సమాధానాన్ని ముందే సిద్ధం చేసుకోవాలి.

పరీక్షకు ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. బ్రౌజర్‌లో about:blank అనే ఖాళీ పేజీ తెరిచి, F12 నొక్కి, కన్సోల్‌లో కింది రెండు వరుసలు అతికించాలి. అతికించడానికి బ్రౌజర్ అడ్డుచెబితే, అది అడిగినట్లుగా `allow pasting` అని టైప్ చేస్తే అనుమతిస్తుంది.

```
document.onkeydown = e => console.log(e.code, e.repeat, Math.round(e.timeStamp));
document.onkeyup = e => console.log(e.code, "up", Math.round(e.timeStamp));
```

తరువాత ఖాళీ పేజీపై ఒకసారి క్లిక్ చేసి, అనుమానం ఉన్న కీని నెమ్మదిగా, ఒక్కొక్కసారిగా నొక్కాలి. తెలుగు ఇన్‌పుట్ నుంచి ఇంగ్లిష్ కీబోర్డుకు మారిన తరువాతే ఈ పని చేయాలి, లేకపోతే లోపం లిప్యంతరీకరణ సాధనానిదని వాదించే వీలుంటుంది. విండోస్‌లో `Filter Keys` అనే అమరిక ఆన్‌లో ఉంటే లోపాన్ని కప్పిపుచ్చవచ్చు కాబట్టి దాన్ని ఆఫ్ చేసి ఉంచాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. హనుమకొండలో డీటీపీ పని చేసే ఒకరు 2025 అక్టోబర్ 12న ఆన్‌లైన్‌లో రూ. 3,499కి ఒక మెకానికల్ కీబోర్డు కొన్నారనుకుందాం. బిల్లు తేదీ నుంచి ఒక సంవత్సరం వారంటీ ఉంది. నాలుగు నెలలకు ఎల్ కీ డబుల్ పడటం మొదలైంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైప్ చేసేవారికి ఇది మామూలు ఇబ్బంది కాదు. ‘కల’ అని కొడితే ‘కల్ల’ అని పడుతుంది, రెండూ సరైన మాటలే కాబట్టి స్పెల్ చెకర్ పట్టుకోదు, తప్పు అచ్చులోకి వెళ్లిపోతుంది. ఆయన పరీక్ష చేసినప్పుడు ఒకే నొక్కుకు ఇలా నమోదైందనుకుందాం:

```
KeyL false 18420
KeyL up 18496
KeyL false 18508
KeyL up 18514
```

కీ వదిలిన 12 మిల్లీసెకన్లకే రెండో నొక్కు నమోదైంది. ఇంత తక్కువ వ్యవధిలో ఒకే కీని వేలితో మళ్లీ నొక్కడం ఎవరికీ సాధ్యం కాదు. పైగా ఆ రెండో నొక్కును చూపే మూడో వరుసలోనూ `false` అనే ఉంది. అది నొక్కి పట్టుకోవడం వల్ల వచ్చిన పునరావృతమైతే `true` అని పడేది. అంటే లోపం వేలిది కాదు, విండోస్ అమరికదీ కాదు. ఇదే పరీక్షను మరో కంప్యూటర్‌పైన, మరో యూఎస్‌బీ పోర్టులోనూ చేసి అదే ఫలితం వస్తే, లోపం కీబోర్డులోనే ఉందని తేలుతుంది.

ఎల్ కీని 100 సార్లు నొక్కి, ఎన్నిసార్లు డబుల్ పడిందో లెక్కించి రాసుకోవాలి. వేలు, కీ, తెర మూడూ ఒకే దృశ్యంలో కనిపించేలా ఒకటి రెండు నిమిషాల వీడియో తీసుకోవాలి. పక్కనే ఉన్న కే కీని కూడా అన్నేసార్లు నొక్కి, అది సరిగానే ఉందని అదే వీడియోలో చూపిస్తే ఫిర్యాదుకు మరింత బలం వస్తుంది.

ఈ దశలో స్విచ్‌లోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టడం, స్క్రూలు విప్పి చూడటం చేయరాదు. ద్రవం తగిలిన గుర్తు గానీ విప్పిన గుర్తు గానీ కనిపిస్తే, వాడకందారు వల్లే చెడిపోయిందని చెప్పడానికి విక్రేతకు అవకాశం దొరుకుతుంది. కొత్త ఫర్మ్‌వేర్ వేసి చూడమని విక్రేత అడిగితే మాత్రం వేసి చూడటం మంచిది. దానితో లోపం పోతే మార్పిడి అవసరమే ఉండదు, పోకపోతే ఆ ప్రయత్నం కూడా జరిగిందని రాతపూర్వకంగా నమోదవుతుంది.

ఇక ఫిర్యాదు విషయం. ఫోనులో మాట్లాడినా, దాని సారాంశాన్ని ఈమెయిల్‌లో లేదా విక్రేత ఖాతాలోని ఫిర్యాదు పేజీలో రాతపూర్వకంగా పెట్టాలి. కొనుగోలు బిల్లు, డబ్బాపైన గానీ కీబోర్డు అడుగున గానీ ఉండే సీరియల్ నంబరు ఫొటో, వీడియో, పరీక్ష ఫలితం తెరచిత్రం జతచేయాలి. డబ్బాను పారేయకూడదు, ఎందుకంటే తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, వినియోగదారుల ఫిర్యాదుల ఫోన్ నంబరు, ఈమెయిల్ దానిపైనే ముద్రించి ఉంటాయి. వారంటీ ఇచ్చేది బ్రాండ్ అయితే విక్రేత అక్కడికి వెళ్లమంటారు. అందువల్ల మొదటి లేఖనే ఇద్దరికీ పంపితే కాలం వృథా కాదు. లేఖ నమూనా ఇలా ఉండవచ్చు:

‘విషయం: ఎల్ కీ లోపం కారణంగా వారంటీ కింద కీబోర్డు మార్పిడి కోరుతూ ఫిర్యాదు.

అయ్యా, నేను 12-10-2025న మీ వద్ద రూ. 3,499 చెల్లించి కొన్న కీబోర్డులో (ఆర్డర్ నంబరు, మోడల్, సీరియల్ నంబరు ఇక్కడ) ఎల్ కీని ఒకసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడుతోంది. 100 సార్లు నొక్కగా 9 సార్లు ఇలా జరిగింది. కీ వదిలిన 12 మిల్లీసెకన్లకే రెండో నొక్కు నమోదవుతోంది. రెండు వేర్వేరు కంప్యూటర్లపై ఇదే ఫలితం వచ్చింది. మిగిలిన కీలు సరిగా పనిచేస్తున్నాయి. కీబోర్డుపై ద్రవం పడలేదు, దానిని విప్పలేదు. వారంటీ గడువు 11-10-2026 వరకు ఉంది. కావున ఈ కీబోర్డును కొత్తదానితో మార్చవలసిందిగా, అదే మోడల్ లేకపోతే చెల్లించిన సొమ్ము తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఈ ఫిర్యాదు నమోదు సంఖ్యను, మార్చి ఇచ్చే కీబోర్డుకు వర్తించే వారంటీ గడువును రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

కోరుతున్నది ఏమిటో లేఖలో స్పష్టంగా ఉండాలి. ‘తగిన చర్య తీసుకోగలరు’ అని ముగిస్తే ఆ తగిన చర్య ఏమిటో విక్రేతే నిర్ణయిస్తారు. అయితే వారంటీ పత్రంలో ముందు మరమ్మతు, అది కుదరకపోతేనే మార్పిడి అని రాసి ఉంటే, స్విచ్ మార్చి ఇస్తామన్నప్పుడు వెంటనే కాదనడం సరికాదు. మార్చిన తరువాత అదే లోపం మళ్లీ వస్తే మార్పిడి కోరడానికి ఆధారం మరింత గట్టిపడుతుంది.

ఆన్‌లైన్ కొనుగోళ్లకు వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు, 2020 వర్తిస్తాయి. వాటి ప్రకారం ఫిర్యాదుల పరిష్కార అధికారి 48 గంటలలోగా ఫిర్యాదు అందినట్లు తెలియజేయాలి, అందిన నెలలోగా పరిష్కరించాలి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోవడానికి గానీ సొమ్ము తిరిగి ఇవ్వడానికి గానీ మార్కెట్‌ప్లేస్‌లోని విక్రేత నిరాకరించరాదని కూడా ఆ నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదుల పరిష్కార అధికారి పేరు, సంప్రదింపు వివరాలు వెబ్‌సైట్‌లో ఉండి తీరాలి. సాధారణ కస్టమర్ కేర్ నుంచి సరైన జవాబు రాకపోతే, పై లేఖనే ఆ అధికారికి పంపాలి.

అప్పటికీ ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ను ఆశ్రయించవచ్చు. 1915కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, లేదా `consumerhelpline.gov.in`లో మొబైల్ నంబరుతో ఖాతా తెరిచి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సంస్థ పేరు, కొన్న తేదీ, చెల్లించిన మొత్తం, కోరుతున్న పరిష్కారం నింపి, బిల్లును, విక్రేతతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలను జతచేస్తే ఒక డాకెట్ నంబరు వస్తుంది. హెల్ప్‌లైన్ ఆ ఫిర్యాదును సంస్థకు పంపి పరిష్కారం కోరుతుంది. ఇది న్యాయస్థానం కాదు కాబట్టి సంస్థను ఆదేశించే అధికారం దీనికి లేదు. అయినా దీనికి రుసుము లేదు, పైగా సంస్థ ఇచ్చే సమాధానం రాతపూర్వకంగా మిగులుతుంది.

చివరి మార్గం జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. `e-jagriti.gov.in` ద్వారా ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, న్యాయవాది ఉండాలన్న నిబంధనా లేదు. విక్రేత బెంగళూరులోనో ఢిల్లీలోనో ఉన్నా, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే దాఖలు చేసే హక్కు ఉంది. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు దాఖలు చేయాలి. పరీక్ష చేయకుండా లోపాన్ని తేల్చలేమని కమిషన్ భావిస్తే వస్తువును ప్రయోగశాలకు పంపవచ్చు. కాబట్టి తీర్పు వచ్చేవరకు ఆ కీబోర్డును మరమ్మతు చేయించకుండా, ఎల్ స్విచ్‌ను మార్చకుండా, ఉన్నది ఉన్నట్లుగా భద్రపరచాలి.