నీట్ పరీక్ష రోజు: అడ్మిట్ కార్డు చేతికి వచ్చినప్పటి నుంచి గేటు దాటే దాకా

మే నెల మొదటి ఆదివారం నాడు జరుగుతూ వస్తున్న నీట్ యూజీ పరీక్షకు మధ్యాహ్నం 2 గంటలే సమయం కదా అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు గాని, పిల్లలకు సంబంధించినంతవరకు అసలు గడువు 1:30. ఆ నిమిషానికి కేంద్రం గేటు మూసేస్తారు. ఆ తరువాత వచ్చినవారు ఎంత బతిమాలినా, ఎంత దూరం నుంచి వచ్చామని చెప్పినా లోపలికి పంపరు. అడ్మిట్ కార్డుపై ఒక్కో అభ్యర్థికి కేంద్రానికి చేరవలసిన సమయం వేరుగా ముద్రించి ఉంటుంది కనుక, లెక్క వేసుకోవలసింది ఆ సమయం నుంచి వెనక్కి. తనిఖీకి, ఆధార్ ఆధారంగా తీసుకునే వేలిముద్రకు, గది వెతుక్కోవడానికి పట్టే సమయమంతా 1:30కు ముందే గడవాలి.

నిజం చెప్పాలంటే, గేటు దగ్గర ఆలస్యం వల్ల వచ్చే ఇబ్బంది కంటే కాగితాల వల్ల వచ్చేదే ఎక్కువ. అడ్మిట్ కార్డు ఒక పేజీ అనుకుని మొదటి పేజీ మాత్రమే ప్రింటు తీయించుకుని వచ్చేవారు ప్రతి ఏటా కనిపిస్తారు. అందులో మూడు పేజీలు ఉంటాయి. మొదటి పేజీలో పరీక్షా కేంద్రం వివరాలతో పాటు స్వీయ ధ్రువీకరణ ఉంటుంది. రెండో పేజీ పోస్టుకార్డు సైజు ఫొటో అతికించడానికి. మూడో పేజీలో సూచనలు ఉంటాయి. మూడింటినీ ఏ4 కాగితంపై, ఫొటో, అక్షరాలు స్పష్టంగా కనిపించేలా తీయించాలి.

ఇంటి దగ్గర ఏది పూర్తి చేయాలి, ఇన్విజిలేటర్ ముందు ఏది చేయాలి అన్న తేడా తెలియకపోవడమే పెద్ద చిక్కు. దరఖాస్తులో ఇచ్చిన ఫొటో లాంటిదే, తెల్లటి నేపథ్యంలో తీసిన పాస్‌పోర్ట్ సైజు ఫొటోను మొదటి పేజీలో అతికించడం, ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయడం, తల్లి గాని తండ్రి గాని సంతకం చేయడం ఇంటి దగ్గరే ముగించాలి. వేలిముద్ర అబ్బాయికైనా అమ్మాయికైనా ఎడమచేతిదే. స్టాంప్ ప్యాడ్ మీద వేలిని గట్టిగా నొక్కితే సిరా ఎక్కువై గీతలు కలిసిపోతాయి కాబట్టి, ముందు పాత కాగితంపై ఒకసారి వేసి చూసి, తరువాత కార్డుపై వేయించడం మంచిది. ముద్ర వేసిన వెంటనే సబ్బుతో వేలు కడిగించాలి. అభ్యర్థి సంతకం మాత్రం ఇంట్లో చేయకూడదు. దాన్ని పరీక్ష గదిలో ఇన్విజిలేటర్ చూస్తుండగానే చేయాలి. రెండో పేజీలోని పోస్టుకార్డు ఫొటోను, అంటే 4×6 అంగుళాలదాన్ని, ముందే అతికించి తీసుకెళ్లాలి గాని దానిపై సంతకాలు గదిలోనే.

మా మేనకోడలి విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. వాళ్లది కొత్తగూడెం, కేంద్రం ఖమ్మంలో పడింది. బస్సుకు రెండు గంటల ప్రయాణం, దారిలో ఏమైనా అయితే ఎలా అని శనివారం సాయంత్రమే వెళ్లి లాడ్జిలో దిగాం. రాత్రి భోజనానికి ముందు కాగితాలు చూస్తే, ఆ పిల్ల శ్రద్ధగా ఖాళీ ఉన్న ప్రతి చోటా సంతకం చేసేసి ఉంది, పోస్టుకార్డు ఫొటో మీద కూడా. కార్డు మళ్లీ ప్రింటు తీయించడం సులువే, కాని ఆ సైజు ఫొటో ఇంకొకటి మా దగ్గర లేదు. ఫోనులో ఫొటో ఉండబట్టి, మూయబోతున్న స్టూడియోవాణ్ణి ఆపి ప్రింటు చేయించుకున్నాం. ఇదే ఆదివారం ఉదయం బయటపడి ఉంటే తెరిచి ఉన్న దుకాణం వెతుక్కోవలసి వచ్చేది. అందుకని పోస్టుకార్డు ఫొటోలు కనీసం రెండు, పాస్‌పోర్ట్ సైజువి నాలుగైదు తీయించి పెట్టుకోవడం మంచిది. హాజరు పట్టికపై అతికించడానికి కేంద్రంలో ఒక పాస్‌పోర్ట్ ఫొటో ఎలాగూ ఇవ్వాలి.

ఇక గుర్తింపు పత్రం. ఆధార్, పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు వంటి ప్రభుత్వ పత్రాలలో ఫొటో ఉన్న ఏదో ఒకటి అసలుది ఉండాలి. జిరాక్సు కాపీపై గెజిటెడ్ అధికారి సంతకం ఉన్నా, ఫోనులో స్కాను చూపించినా చెల్లదు. మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరుది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, లేదా ఇంటిపేరు చివరికి వెళ్లిపోయి ఉంటుంది. ఇలాంటి తేడా ఉన్నవారు ఆధార్‌తో పాటు ఇంటర్ రెండో సంవత్సరం హాల్ టికెట్ కూడా పట్టుకెళ్లాలని నా సలహా, ఎందుకంటే అదీ ఒప్పుకునే పత్రాలలో ఒకటి, పేరు కూడా సాధారణంగా మెమోలో ఉన్నట్టే ఉంటుంది. ఆధార్‌లోని ఫొటో ఐదారేళ్ల నాటిదై ముఖం పోల్చుకోలేనట్టు ఉన్నా ఈ హాల్ టికెట్ అక్కరకు వస్తుంది.

లోపలికి తీసుకెళ్లగలిగినవి చాలా తక్కువ: అడ్మిట్ కార్డు, గుర్తింపు పత్రం, ఫొటో, లేబుల్ లేని పారదర్శకమైన నీళ్ల సీసా. పెన్ను కేంద్రంలోనే ఇస్తారు. చేతి గడియారం, పర్సు, బెల్టు, క్యాలిక్యులేటర్, ఫోను, ఏ రకమైన లోహపు వస్తువూ పనికిరావు. మధుమేహం ఉన్న పిల్లలకు చక్కెర మాత్రలు, అరటి, ఆపిల్, నారింజ వంటి పండ్లు అనుమతిస్తారు గాని ప్యాకెట్లలోని తినుబండారాలు కుదరవు. సామాను దాచే బాధ్యత కేంద్రానిది కాదు కనుక, ఫోను, బ్యాగు పట్టుకోవడానికి వెంట ఒకరు ఉండాలి.

దుస్తుల విషయంలో సగం చేతుల పలుచని చొక్కా లేదా కుర్తా, మడమ తక్కువగా ఉన్న చెప్పులు చాలు. బూట్లు వద్దు. సంప్రదాయ వస్త్రధారణ తప్పనిసరి అనుకునేవారు తనిఖీకి సమయం పడుతుంది కాబట్టి మరింత ముందుగా చేరాలి. నగల సంగతి మాత్రం శనివారమే తేల్చుకోవాలి. ఏళ్లుగా తీయని చెవి దిద్దుల మరలు బిగిసిపోయి ఉంటాయి. కొబ్బరినూనె రాసి మెల్లగా తిప్పితే వస్తాయి గాని, గేటు దగ్గర వరుసలో నిలబడి తీయబోతే చెవి వాచిపోతుంది. ముక్కుపుడక, మొలతాడుకు ఉన్న వెండి బిళ్ల, లోహపు తాయెత్తు కూడా మెటల్ డిటెక్టర్‌కు దొరుకుతాయి.

గదిలో కూర్చున్నాక ప్రశ్నపత్రం బుక్‌లెట్ మీది కోడు, ఓఎమ్‌ఆర్ పత్రం మీది కోడు ఒకటేనా అని చూసుకోవాలి. తేడా ఉంటే వెంటనే ఇన్విజిలేటర్‌కు చెప్పాలి. 2025 నుంచి పరీక్ష 180 ప్రశ్నలకు 180 నిమిషాలే. 5 గంటలకు ముగిశాక ఓఎమ్‌ఆర్ అసలు ప్రతి, కార్యాలయ ప్రతి రెండూ అప్పగించి, బుక్‌లెట్ మాత్రమే బయటికి తెచ్చుకోవాలి. ఫొటో అతికించిన అడ్మిట్ కార్డు కూడా ఇన్విజిలేటర్‌కే ఇచ్చి రావాలి. కౌన్సెలింగ్‌లో దాని ప్రతి అడుగుతారు కాబట్టి, ఇంకో ప్రింటు తీసి ముందుగానే ఇంట్లో ఫైలులో పెట్టుకోవాలి.