తమ్ముడి వాటా బయటివాళ్లకు పోకుండా ఎలా ఆపుకున్నానంటే

నాన్న వీలునామా రాయకుండా పోయారు. మూడెకరాలు అమ్మకి, తమ్ముడికి, నాకు సమానంగా వచ్చాయి. పంచుకోకముందే తమ్ముడు తన వాటాను 32 లక్షలకు బయటి వ్యక్తికి బేరం పెట్టాడు.

పెద్దమనుషులు, పోలీస్ స్టేషన్, రిజిస్ట్రేషన్ ఆఫీసులో అభ్యంతరం... ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది హిందూ వారసత్వ చట్టం, 1956లోని 22వ సెక్షన్. భార్య, పిల్లలు, తల్లి లాంటి మొదటి తరగతి వారసుల్లో ఒకరు తన వాటా అమ్మాలనుకుంటే, బయటివాళ్ల కంటే ముందుగా దాన్ని కొనే హక్కు మిగతావాళ్లది. ముందుగా బేరం ధర వాట్సాప్ మెసేజ్ రూపంలో దాచుకున్నాను. తర్వాత లాయర్‌తో తమ్ముడికీ, కొనేవాడికీ ఒకే రోజు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించాను. "అదే 32 లక్షలకు నేను కొంటాను" అని స్పష్టంగా రాయించి, బ్యాంక్ లోన్ మంజూరు కాగితం జత చేశాం. అది చూశాక కొనేవాడే వెనక్కి తగ్గాడు. తమ్ముడు నాకే రిజిస్టర్ చేశాడు.

ధర కుదరకపోతే కోర్టే నిర్ణయిస్తుంది. అప్పుడు కొననంటే ఆ కోర్టు ఖర్చులు మనమే కట్టాలి. వ్యవసాయ భూమికీ ఇది వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. వీలునామా ఉన్నా, పంపకాలు అయిపోయినా ఇదే దారి పనిచేస్తుందని నేను చెప్పలేను. మాకు అమ్మకం ఇంకా రిజిస్టర్ కాకపోవడం కలిసొచ్చింది.