క్రెడిట్ కార్డు పాఠాలు – 4: రివార్డ్ పాయింటుకు అసలు విలువెంత?

గత పాఠంలో స్టేట్‌మెంట్ తేదీకీ, డబ్బు కట్టాల్సిన గడువుకూ తేడా చూశాం. ఈసారి అదే స్టేట్‌మెంట్‌లో రివార్డ్ పాయింట్లు అని ఉండే చిన్న పట్టిక తీయండి. పాత నిల్వ, ఈ నెల వచ్చినవి, వాడుకున్నవి, త్వరలో గడువు తీరేవి అందులో ఉంటాయి. పాయింట్లు ఎన్ని ఉన్నాయో అక్కడ తెలుస్తుంది, వాటి విలువెంతో మాత్రం మనమే కట్టుకోవాలి.

ఒక మామూలు కార్డు తీసుకుందాం. ప్రతి 150 రూపాయల ఖర్చుకు 2 పాయింట్లు, పాయింటుకు 25 పైసలు, గడువు రెండేళ్లు. విజయవాడలో ఉద్యోగం చేసే ఒకామె ఈ కార్డు మీద నెలకు 25,000 ఖర్చు పెడుతుందనుకోండి. అందులో పెట్రోలు 3,000, ఫోను ఈఎంఐ 4,000, వాలెట్‌లో వేసుకునేది 5,000. చాలా కార్డులు ఈ మూడింటికీ పాయింట్లు ఇవ్వవు. అంటే లెక్కలోకి వచ్చేది 13,000 మాత్రమే.

అందులోనూ కొంత జారిపోతుంది. పాయింట్లను నెల మొత్తం మీద కాకుండా ఒక్కో బిల్లుకు విడిగా లెక్కిస్తారు. 290 రూపాయల కూరగాయల బిల్లులో 150 ఒక్కసారే పూర్తవుతుంది కాబట్టి 2 పాయింట్లే, మిగతా 140 రూపాయలకు ఏమీ రాదు. ఇలా చిల్లర పోగా ఆమెకు నెలకు సుమారు 160 పాయింట్లు వస్తాయి. ఏడాదికి 1,920 పాయింట్లు, అంటే 480 రూపాయలు.

ఇక వాడుకునే దగ్గరికి వద్దాం. చాలా బ్యాంకులు రిడీమ్ చేసిన ప్రతిసారీ ఒక ఫీజు వేస్తాయి. అది 99 రూపాయలనుకుంటే, 18 శాతం జీఎస్టీ కలిపి 116.82 అవుతుంది. ఎన్ని పాయింట్లు వాడినా ఫీజు అంతే. 500 పాయింట్లు కాగానే తొందరపడి వాడేస్తే వచ్చేది 125, పోయేది 116.82, చేతిలో మిగిలేది ఎనిమిది రూపాయల చిల్లర. ఏడాదంతా ఆగి 1,920 ఒకేసారి వాడితే 363 మిగులుతాయి. అలా చేసినా, ఏడాదిలో పెట్టిన మూడు లక్షల ఖర్చు మీద అది వందకు 12 పైసలే. వార్షిక ఫీజు ఉన్న కార్డయితే ఆ ఫీజు కూడా రాదు.

మరి రెండేళ్లూ ఆగితే ఇంకా లాభం కాదా? ఇక్కడే గడువు అడ్డొస్తుంది. నిల్వ అంతటికీ కలిపి ఒకే గడువు ఉండదు, ఏ నెల పాయింట్లకు ఆ నెలే లెక్క. జూన్ 2024లో వచ్చినవి జూన్ 2026లో పోతాయి, జూలైవి జూలైలో పోతాయి. కాబట్టి రెండేళ్లు నిండాక ఆమె నిల్వ 3,840 దగ్గర ఆగిపోతుంది. కొత్తవి 160 వస్తుంటే పాతవి 160 పోతుంటాయి.

కనీసం ఇన్ని పాయింట్లుంటేనే రిడీమ్ అన్న షరతు కూడా ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆ కనీసం 2,500 అనుకోండి. నెలకు 160 వచ్చేవాళ్లు పదహారో నెలలో దాన్ని చేరతారు. నెలకు 80 మాత్రమే వచ్చేవాళ్లకు 24 నెలల్లో పోగయ్యేది 1,920. ఆ తర్వాత నిల్వ పెరగదు కాబట్టి వాళ్లు 2,500 ఎప్పటికీ చేరలేరు. అలాంటి కార్డు మీద పాయింట్ల కోసం ఒక్క రూపాయి ఖర్చు కూడా పెంచకూడదని నా గట్టి అభిప్రాయం. కార్డు రద్దు చేసుకునేటప్పుడు మాత్రం ఉన్న పాయింట్లు ముందే వాడేయండి, తర్వాత అవి సాధారణంగా పోతాయి.

రిడీమ్ పేజీలో మిక్సీలు, బ్యాగులు ఊరిస్తుంటాయి. వస్తువు పక్కన వేసిన ఎంఆర్‌పీని నమ్మకండి. బయట అదే మోడల్ ఎంతకు దొరుకుతుందో చూసి, ఆ ధరను అడిగిన పాయింట్లతో భాగించండి. 6,000 పాయింట్ల మిక్సీ బజారులో 1,200కు దొరికితే పాయింటుకు 20 పైసలే పడింది. అదే 6,000 పాయింట్లను బిల్లులో తగ్గించుకుంటే 1,500 వచ్చేవి.

ఈ లెక్కంతా బిల్లు పూర్తిగా కట్టేవాళ్లకే. 10,000 బాకీ మిగిల్చితే నెలకు 3.5 శాతం వడ్డీ, దానిమీద జీఎస్టీ కలిపి 413 రూపాయలు. ఆమె ఏడాది పాయింట్లు ఆ ఒక్క నెలలోనే హరించుకుపోతాయి.

అభ్యాసం: మీ కార్డు షరతుల్లోంచి పాయింటు విలువ, గడువు, రిడీమ్ ఫీజు, కనీస పాయింట్లు కాగితం మీద రాసుకోండి. గత మూడు స్టేట్‌మెంట్లలో ఏ ఖర్చులకు పాయింట్లు పడలేదో గుర్తించి, నెలకు సగటున ఎన్ని వస్తున్నాయో తేల్చండి. ఆ సగటును గడువు నెలలతో గుణించి, వచ్చిన అంకెను కనీస పాయింట్లతో పోల్చండి. వచ్చే పాఠంలో విమాన మైళ్లుగా మార్చుకోవడం గురించి చెప్పుకునేటప్పుడు ఈ కాగితమే పనికొస్తుంది.