‘నుంచి’ దగ్గరే రెండు తప్పులు

గుంటూరులో మా ట్యూషన్ పిల్లల నోట్సులు దిద్దుతుంటే ఎక్కువగా కనబడే వాక్యం: ‘ఐ యామ్ లివింగ్ ఇన్ గుంటూరు సిన్స్ ఫైవ్ ఇయర్స్.’ టెన్సూ తప్పే, ప్రిపొజిషనూ తప్పే. రెండూ మన ‘నుంచి’ వల్లే.

‘ఐదేళ్ల నుంచి ఉంటున్నా’ అని మనం వర్తమానంలోనే అంటాం. ఇంగ్లిష్‌లో మాత్రం అప్పుడు మొదలై ఇంకా సాగుతున్నదానికి ‘హ్యావ్ బీన్ లివింగ్’ కావాలి. ఐదేళ్లు కాలం పొడవు కాబట్టి ‘ఫర్’. 2019 లాంటి మొదలు చెబితే ‘సిన్స్’.

నేనైతే ఎర్ర పెన్నుతో జవాబు రాసివ్వను. తప్పు పక్కన ‘పొడవా, మొదలా? ఇంకా ఉన్నావా?’ అని రాస్తాను. వాళ్లే దిద్దుకుంటారు. తర్వాత ‘సోమవారం నుంచి’, ‘మూడు రోజుల నుంచి’ ఇచ్చి చూస్తే అర్థమైందో, బట్టీ పట్టారో తెలిసిపోతుంది.

ఒక్క జాగ్రత్త: ఊరు వదిలేసి వచ్చేస్తే ‘ఐ లివ్డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ సరైనదే. ‘ఫర్’ కనబడగానే ‘లివ్డ్’ను కొట్టేయకండి. కంగారులో నేనూ కొట్టేశాను ఒకసారి.